కాలేయానికి వెళ్లే ధమని గాల్‌బ్లాడర్‌ను ఆనుకుని ఉంటే: కెమెరాతో గాల్‌బ్లాడర్‌ను తీసిన ఒక ల్యాప్ కోలీ కేసు

ఆమెకు 52 ఏళ్లు. గోదావరి వైపు ఒక పల్లెలో బట్టలు కుడతారు. ఏడాదిగా, పెళ్లి భోజనం చేసినా, రాత్రిపూట నూనె వంటకాలు తిన్నా, పొట్ట పైభాగంలో కుడివైపు నొప్పి వచ్చేది. గ్యాస్ నొప్పి అనుకుని బిళ్లలు వేసుకున్నారు. రెండు మూడు గంటల్లో నొప్పి తగ్గేది కాబట్టి బిళ్ల పనిచేసిందనే నమ్మకం కుదిరింది. నిజానికి గాల్‌బ్లాడర్‌లోని రాయి ఆ సంచి సన్నటి మెడ దగ్గర అడ్డుపడినప్పుడు నొప్పి వస్తుంది, అది జారి వెనక్కి పడితే తగ్గుతుంది. బిళ్లకు అందులో పాత్ర ఏమీ లేదు.

మా దగ్గరికి రావడానికి ఆరు వారాల ముందు ఒకసారి నొప్పి తగ్గనేలేదు. జ్వరం, వాంతులు కూడా వచ్చాయి. దగ్గర్లోని ఒక ఆసుపత్రిలో నాలుగు రోజులు యాంటీబయాటిక్స్ ఇచ్చి, వాపు పూర్తిగా తగ్గాక ఆపరేషన్ చేయించుకోమని పంపించారు. చాలాకాలం అందరం చేసిన పద్ధతే ఇది. నా మటుకు నేను మొదటి రెండు మూడు రోజుల్లోనే ఆపరేషన్ చేయడానికి ఇష్టపడతాను. తాజా వాపులో కణజాలం నీరు పట్టి ఉంటుంది, పొరలు సులువుగా విడిపోతాయి. ఆరు వారాలు గడిచాక ఆ నీరు ఇంకిపోయి, దాని చోట గట్టి మచ్చ కణజాలం వస్తుంది. పొరలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

అల్ట్రాసౌండ్‌లో గాల్‌బ్లాడర్ గోడ మందం 5 మి.మీ. ఉంది. మామూలుగా 3 మి.మీ. దాటకూడదు. మెడలో 14 మి.మీ. రాయి ఒకటి ఉంది, ఆమె పక్కకు తిరిగి పడుకున్నా అది కదలలేదు. ప్రధాన పిత్తనాళం వెడల్పు 5 మి.మీ., లివర్ రక్తపరీక్షల్లో బిలిరుబిన్ 0.8, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, రెండూ మామూలుగానే ఉన్నాయి. కామెర్లు ఎప్పుడూ రాలేదు. కాబట్టి ప్రధాన నాళంలో రాళ్లు ఉన్నాయని అనుమానించే కారణం లేదు, నాళాలను వివరంగా చూపే ఎమ్మార్సీపీ స్కాన్ తీయించలేదు. మెడలో కదలని రాయి, ఆరు వారాల నాటి వాపు అనే రెండు మాటలు మాత్రం కేస్ షీట్‌లో గీత గీసి పెట్టుకున్నాను. కష్టం ఎక్కడ ఎదురవుతుందో ఆ రెండూ ముందే చెప్పేశాయి.

లోపల ఏం ఉంటుంది

ఈ కేసు అర్థం కావాలంటే ఆ చోటు కళ్లకు కట్టాలి. మా డెల్టాలో పెరిగినవాళ్లకు కాలువల లెక్కలో చెబితే తేలిగ్గా ఉంటుంది. కాలేయంలో తయారైన పిత్తరసం కుడి నాళం, ఎడమ నాళం నుంచి వచ్చి ఒక పెద్ద కాలువలో కలుస్తుంది. దాన్ని కామన్ హెపాటిక్ డక్ట్ అంటాం. ఆ పెద్ద కాలువకు కుడివైపున ఒక పిల్ల కాలువ ఉంటుంది, అది సిస్టిక్ డక్ట్. పిల్ల కాలువ చివర చెరువు లాంటిది గాల్‌బ్లాడర్. రసం ఆ పిల్ల కాలువ గుండానే చెరువులోకి వెళ్తుంది, తిన్నప్పుడు మళ్లీ అదే దారిలో బయటికి వస్తుంది. పిల్ల కాలువ కలిసిన చోటు నుంచి కింది భాగాన్ని కామన్ బైల్ డక్ట్ అంటాం. అది చిన్నపేగులోకి చేరుతుంది. ఆపరేషన్ అంటే చెరువునూ పిల్ల కాలువనూ తీసేయడం. పెద్ద కాలువ మీద చెయ్యి పడకూడదు.

గాల్‌బ్లాడర్ 7 నుంచి 10 సెం.మీ. పొడవుండే సంచి, చిన్న వంకాయ ఆకారం. 30 నుంచి 50 మి.లీ. రసం పడుతుంది. వెడల్పాటి అడుగు భాగం కాలేయం అంచు కింద నుంచి తొంగి చూస్తుంది, నడుము కాలేయం అడుగుకు అతుక్కుని ఉంటుంది, ఇవతలి కొస సన్నబడి మెడ అవుతుంది. మెడకు ముందు చిన్న ఉబ్బు ఉంటుంది, దాన్ని హార్ట్‌మన్ పౌచ్ అంటాం. రాళ్లు చేరి కూర్చునేది ఎక్కువగా అక్కడే. మెడ నుంచి బయలుదేరే సిస్టిక్ డక్ట్ సాధారణంగా 2 నుంచి 4 సెం.మీ. పొడవు, 2 నుంచి 3 మి.మీ. లావు ఉంటుంది. ప్రధాన నాళం దానికి రెట్టింపు లావుంటుందని విద్యార్థులకు చెబుతుంటాం గానీ, సన్నటి మనిషిలో ప్రధాన నాళం కూడా 3, 4 మి.మీ. మాత్రమే ఉండవచ్చు. లావు చూసి నాళాన్ని గుర్తుపడదామనుకుంటే మోసపోతాం.

సిస్టిక్ డక్ట్ ఒక భుజం, కామన్ హెపాటిక్ డక్ట్ రెండో భుజం, కాలేయం అడుగు అంచు మూడో భుజం. ఈ మూడింటి మధ్యనున్నదే హెపటోసిస్టిక్ ట్రయాంగిల్. మేం మాటల్లో కాలో త్రికోణం అనేస్తాం గానీ రెండూ అచ్చంగా ఒకటి కావు. ఫ్రెంచ్ సర్జన్ జాన్ ఫ్రాన్స్వా కాలో 1891 నాటి తన సిద్ధాంత వ్యాసంలో వర్ణించిన త్రికోణానికి పై భుజం సిస్టిక్ ధమని. అంటే గాల్‌బ్లాడర్‌కు రక్తం తెచ్చే ధమనే గీత. ఆపరేషన్ చేసేవాడికి అది చాలదు, ఎందుకంటే ఆ ధమని ఎక్కడుందో వెతకడమే అతని పని. తెలియనిదాన్ని హద్దుగా పెట్టుకోలేం కదా. అందుకే హద్దును కాలేయం దాకా జరిపారు. కాలేయం ఎప్పుడైనా కనిపిస్తుంది.

ఈ త్రికోణంలో కొవ్వు ఉంటుంది, ఒక లింఫ్ నోడ్ ఉంటుంది, సిస్టిక్ ధమని ఉంటుంది. మామూలుగా కాలేయపు కుడి ధమని ప్రధాన నాళం వెనక నుంచి ఈ త్రికోణంలోకి వచ్చి, ఇక్కడ సిస్టిక్ ధమని అనే సన్నటి కొమ్మను ఇచ్చి, పైకి కాలేయంలోకి వెళ్లిపోతుంది. ఆ కొమ్మ గాల్‌బ్లాడర్ గోడను చేరాక ముందువైపు ఒకటి, కాలేయం వైపు ఒకటిగా చీలుతుంది. ఎక్కువమందిలో ఇలాగే ఉంటుంది. కొందరిలో సిస్టిక్ ధమని రెండుగా వస్తుంది, కొందరిలో ప్రధాన నాళం ముందు నుంచి దాటి వస్తుంది, కొందరిలో సిస్టిక్ డక్ట్ కింద నుంచి వస్తుంది. ఇవన్నీ ఓపికగా శుభ్రం చేస్తే తెలిసిపోయేవే.

తిప్పలు తెచ్చేది ఇంకొకటి ఉంది. కొందరిలో కాలేయపు కుడి ధమని తిన్నగా పైకి వెళ్లకుండా, ఒక వంపు తిరిగి గాల్‌బ్లాడర్ మెడ దాకా వచ్చి, అక్కడి నుంచి వెనక్కి మళ్లి కాలేయంలోకి పోతుంది. నడుస్తున్న గొంగళిపురుగు వీపు పైకి లేచినట్టు ఉంటుంది కాబట్టి దాన్ని క్యాటర్‌పిల్లర్ హంప్ అంటారు, మాయినిహన్ హంప్ అని కూడా పేరుంది. అలాంటప్పుడు సిస్టిక్ ధమని ఆ వంపు మీద నుంచి పుట్టే చాలా పొట్టి కొమ్మ. చూసేవాడికి ఆ పెద్ద వంపే సిస్టిక్ ధమనిలా కనిపిస్తుంది. ఉండాల్సిన చోటే ఉంది, గాల్‌బ్లాడర్‌ను తాకుతూ ఉంది, పైగా కొట్టుకుంటోంది.

ఆ రోజు ఓటీలో

పొట్ట మీద చిన్న కంతలు చేసి, పరికరాలు, కెమెరా లోపలికి పంపే గొట్టాలు, అంటే నాలుగు పోర్టులు పెట్టాం. బొడ్డు దగ్గర 10 మి.మీ., రొమ్ము ఎముక కింద 10 మి.మీ., కుడివైపు రెండు 5 మి.మీ. లోపల చోటు కోసం పొట్టలోకి పంపిన గ్యాస్ ఒత్తిడి 12 మి.మీ. మెర్క్యురీ. తల వైపు ఎత్తి, బల్లను ఎడమకు వాల్చాం, పేగులు కిందికీ ఎడమకూ జారడానికి. కెమెరా 30 డిగ్రీలది. వెనక భాగం చూడాలంటే తిన్నగా చూసే కెమెరా చాలదు.

గాల్‌బ్లాడర్ మీద కొవ్వు తెర దుప్పటిలా అతుక్కుని ఉంది. దాన్ని గోడ దగ్గరగానే మెల్లగా ఒలిచాం. సంచి బిగుసుకుపోయి ఉంది, పట్టకర్ర జారిపోతోంది. సూదితో 40 మి.లీ. దాకా తీశాం. వచ్చింది పచ్చటి రసం కాదు, రంగు లేని జిగట నీరు. మెడలో రాయి అడ్డుపడి చాలా రోజులైతే లోపలున్న పిత్తరసం రంగును గోడ పీల్చేస్తుంది, గోడ కక్కే జిగురే మిగులుతుంది. రాయి అక్కడే బిరడాలా ఉందని దాంతో రూఢి అయింది. సంచి మెత్తబడ్డాక పట్టు దొరికింది.

ఇక్కడ లాగడం గురించి కాస్త ఆగి చెప్పాలి. గాల్‌బ్లాడర్ అడుగు భాగాన్ని రోగి కుడి భుజం వైపు పైకి నెట్టాలి. హార్ట్‌మన్ పౌచ్‌ను మాత్రం కుడివైపుకూ, కొంచెం కిందికీ లాగాలి. అప్పుడు సిస్టిక్ డక్ట్ ప్రధాన నాళానికి దాదాపు అడ్డంగా సాగుతుంది, త్రికోణం తెరుచుకుంటుంది. అలా కాకుండా పౌచ్‌ను కూడా పైకే లాగితే పిల్ల కాలువ, పెద్ద కాలువ ఒకే గీతలోకి వస్తాయి. త్రికోణం మూసుకుపోతుంది. అప్పుడు ప్రధాన నాళమే సిస్టిక్ డక్ట్ కొనసాగింపులా కనిపిస్తుంది. ప్రధాన నాళాన్ని సిస్టిక్ డక్ట్ అనుకుని కోసేసిన కేసుల్లో తరచుగా జరిగేది ఇదే. ఇలా నాళం తెగి వచ్చిన పేషెంట్లకు పేగును కాలేయం దగ్గరి నాళానికి కలిపి కుట్టే ఆపరేషన్‌లో నేను సహాయకుడిగా నిలబడ్డాను. మొదటి ఆపరేషన్ చేసినవాళ్లెవరూ నిర్లక్ష్యంగా చేయలేదు. తాము కోస్తున్నది సిస్టిక్ డక్టే అని వాళ్లు పూర్తిగా నమ్మారు. ఎంత గట్టిగా నమ్మితే అంత అనుమానం తక్కువ. అందుకే నమ్మకం మీద కాకుండా, కంటికి కనిపించే గుర్తుల మీద ఆధారపడే పద్ధతి కావాలి.

మొదట హద్దు చూసుకున్నాం. కాలేయం కుడి భాగం అడుగున, గాల్‌బ్లాడర్ మెడకు కుడివైపున ఒక గాడి ఉంటుంది, దాన్ని రువియేర్ సల్కస్ అంటాం. అందరిలోనూ ఉండదు గానీ ఎక్కువమందిలో ఉంటుంది. ఆమెలో స్పష్టంగా ఉంది. ఆ గాడి నుంచి కాలేయం నాలుగో ఖండం అడుగు దాకా మనసులో ఒక గీత గీసుకుని, ఆ గీతకు పైనే పని చేయాలి. ప్రధాన నాళం గీతకు కిందే ఉంటుంది. వాపు ఎంతున్నా ఆ గాడి సాధారణంగా చెక్కుచెదరదు, అందుకే నాకు అదంటే అంత నమ్మకం.

పౌచ్‌ను ఎడమకు పైకి తిప్పి, మొదట వెనక పొరను తెరిచాం. తర్వాత పౌచ్‌ను కుడికి లాగి ముందు పొరను తెరిచాం. హుక్‌తో పట్టిన పొరను పైకి ఎత్తి, అవతలి వెలుగు కనిపించేంత పలచగా ఉంటేనే కాటరీతో వేడి ఇచ్చి కోయాలని మా దగ్గర నియమం. మచ్చ గట్టిగా ఉన్నచోట కాటరీ మానేసి, సక్షన్ గొట్టం కొసతో, చిన్న గాజ్ గుడ్డ ఉండతో నెడుతూ వెళ్లాం. ప్రధాన నాళానికి రక్తం తెచ్చే సన్నటి ధమనులు దాని రెండు పక్కలా, గడియారంలో 3 గంటలు, 9 గంటలు ఉండే చోట్ల, నిలువుగా పాకుతాయి. దగ్గర్లో వేడి తగిలితే నాళం అప్పటికి బాగానే కనిపించినా, నెలల తర్వాత సన్నబడి మూసుకుపోవచ్చు.

లింఫ్ నోడ్ వాచి చిక్కుడు గింజంత ఉంది. దానికి గాల్‌బ్లాడర్ వైపునే ఉండాలి, అవతలికి దాటకూడదు. నోడ్‌ను పక్కకు నెడుతుండగా చిన్న కొమ్మ ఒకటి తెగి రక్తం చిమ్మింది. క్షణంలో తెర అంతా ఎర్రబడింది. కెమెరా పట్టుకున్న పీజీ విద్యార్థిని చెయ్యి వెంటనే, రక్తనాళాన్ని బిగించి మూసే క్లిప్ అప్లయర్ వైపు వెళ్లింది. నేను వద్దన్నాను. 10 మి.మీ. పోర్టులోంచి గాజ్ గుడ్డ పెట్టి, పౌచ్‌నే దాని మీద ఒత్తి, గోడ గడియారం చూసుకుంటూ ఐదు నిమిషాలు ఆగాం. ఆ ఐదు నిమిషాలు ఓటీలో చాలా పొడుగ్గా అనిపిస్తాయి. రక్తం మడుగులో కనిపించని చోట పెట్టిన క్లిప్పే ప్రధాన నాళాన్ని పట్టుకుంటుంది, లేదా కాలేయపు ధమనిని పట్టుకుంటుంది. గుడ్డ తీశాక రక్తం ఆగిపోయింది. క్లిప్ అవసరమే రాలేదు.

4 మి.మీ. ధమని

మరో ఇరవై నిమిషాలకు రెండు నిర్మాణాలు తేలాయి. కింద ఉన్నది సిస్టిక్ డక్ట్, 3 మి.మీ. ఉంటుంది, మెడలోకి కలవడం కనిపిస్తోంది. దానికి పైన, పౌచ్‌ను ఆనుకుని ఒక ధమని, బాగా కొట్టుకుంటోంది. చుట్టూ కొవ్వు తీసేశాం. పీజీ చదువుకున్నది సరిగ్గా గుర్తు చేసుకుంది.

"సార్, రెండు స్ట్రక్చర్లు కనిపించాయి. ఆర్టరీకి క్లిప్ వేద్దామా?"

"ఆగమ్మా. దాని లావు ఎంత ఉంది?"

5 మి.మీ. పట్టకర్ర కొసను పక్కన పెట్టి చూసింది. "ఇంచుమించు కొసంత ఉంది సార్. నాలుగు మి.మీ. ఉండొచ్చు."

సిస్టిక్ ధమని సాధారణంగా 2 మి.మీ. మించదు. ఈ చోట 3 మి.మీ. దాటిన ధమని కనిపిస్తే, కాదని తేలేదాకా అది కాలేయపు కుడి ధమనే అనుకోవాలి. డక్ట్ విషయంలో లావును నమ్మకూడదని పైన అన్నాను, ధమని విషయంలో మాత్రం లావును ఒక హెచ్చరికగా తీసుకుంటాను. హెచ్చరిక అంటే నిర్ధారణ కాదు. అది ఎటు వెళ్తుందో చూడాలి, అదొక్కటే రుజువు. గాల్‌బ్లాడర్ గోడలోకి వెళ్లి అక్కడే అంతమైతే సిస్టిక్ ధమని. గాల్‌బ్లాడర్‌ను తాకి, దాటి, కాలేయంలోకి వెళ్తే అది గాల్‌బ్లాడర్‌ది కాదు.

రెండు నిర్మాణాలు కనిపించాయన్నది నిజమే. కానీ 1995లో స్టీవెన్ స్ట్రాస్‌బెర్గ్, ఆయన సహచరులు చెప్పిన క్రిటికల్ వ్యూ ఆఫ్ సేఫ్టీలో లెక్కపెట్టడం ఒక్కటే లేదు, మూడు షరతులున్నాయి. త్రికోణంలోని కొవ్వు, మచ్చ అంతా తీసేయాలి. గాల్‌బ్లాడర్ కింది మూడో వంతును కాలేయం నుంచి విడదీసి, దాని వెనకున్న సిస్టిక్ ప్లేట్ అనే తెల్లటి పొర కనపడేలా చేయాలి. అప్పుడు గాల్‌బ్లాడర్‌లోకి వెళ్లేవి రెండే రెండు ఉండాలి. మా దగ్గర మొదటి షరతు సగమే అయింది, రెండోది మొదలే కాలేదు. రెండో షరతును చాలామంది చాదస్తం అనుకుంటారు. ఆ కేసులో మమ్మల్ని ఆపింది సరిగ్గా అదే. గాల్‌బ్లాడర్‌ను కాలేయం నుంచి విడదీస్తే, కాలేయంలోకి వెళ్లే ఏదైనా ఆ కిటికీలో అడ్డంగా కనిపించి తీరాలి.

పౌచ్‌కూ ధమనికీ మధ్య పలచటి పొర ఉంది. దాన్ని కత్తెరతో, కాటరీ లేకుండా, గాల్‌బ్లాడర్ గోడ వెంటే కోసుకుంటూ పైకి వెళ్లాం. సెంటీమీటరు దాటగానే ధమని గాల్‌బ్లాడర్‌ను వదిలేసింది. వంపు తిరిగి, ఎడమకు వెనక్కి మళ్లి, కాలేయం అడుగు మీద కుడి ఖండం మొదట్లో లోపలికి దిగిపోయింది. వంపు కొసన, పౌచ్‌కు ఆనిన చోట, 5 మి.మీ. పొడవైనా లేని సన్నటి కొమ్మ ఒకటి గాల్‌బ్లాడర్‌లోకి వెళ్తోంది. సిస్టిక్ ధమని అది. మేం ఇంతసేపూ చూస్తున్నది గొంగళిపురుగు వీపును.

పీజీ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కొంచెం ఉంటే క్లిప్ వేసేసేదాన్ని సార్" అంది. కోప్పడాల్సిన పని లేదు. తెర మీద అది సిస్టిక్ ధమని అన్నట్టే ఉంది.

వేసి ఉంటే ఏమయ్యేది? కాలేయానికి వచ్చే రక్తంలో దాదాపు మూడు వంతులు పోర్టల్ సిర నుంచి వస్తుంది, ఒక వంతే ధమని నుంచి. కాబట్టి కుడి ధమని ఒక్కటే కట్టుబడితే కాలేయం చాలామందిలో తట్టుకుంటుంది, పక్క దారుల్లో రక్తం కూడా చేరుతుంది. కానీ పిత్తనాళాలకు పోర్టల్ సిర దిక్కు కాదు, అవి బతికేది ధమని రక్తం మీదే. ఎప్పుడైనా నాళం కూడా దెబ్బతింటే, ధమని పోయిన నాళాన్ని బాగు చేసినా అతుకు సన్నబడిపోయే ప్రమాదం ఎక్కువ. అంతకంటే దగ్గరి ప్రమాదం ఇంకొకటి ఉంది. ఈ వంపును గుర్తించకుండా హుక్‌తో గీరితే ధమని పక్కగోడ చిరుగుతుంది. 4 మి.మీ. ధమని చిరిగితే గుడ్డతో ఒత్తడం చాలకపోవచ్చు. ఆ కంగారులో పెట్టే క్లిప్పులే పెద్ద నష్టం చేస్తాయి.

ఇప్పుడు సిస్టిక్ ధమనిని ఎక్కడ పట్టుకోవాలన్నది ప్రశ్న. పొట్టి కొమ్మ మీద రెండు క్లిప్పులు పెడితే మొదటిది పెద్ద ధమనిని గిల్లేస్తుంది. గిల్లకపోయినా, గాల్‌బ్లాడర్‌ను లాగుతున్నప్పుడు వంపు గుడారంలా పైకి లేచి క్లిప్ నోట్లోకి వస్తుంది. కాబట్టి లాగడం కాస్త సడలించి, కొమ్మ వెంట గాల్‌బ్లాడర్ గోడ మీదికే వెళ్లాం. అది ముందు కొమ్మ, వెనక కొమ్మగా చీలే చోటు దాకా శుభ్రం చేశాం. కోసే ముందు ముందువైపు నుంచి ఒకటి, వెనకవైపు నుంచి ఒకటి ఫోటో తీయించాను. రెండింటిలోనూ వెనక సిస్టిక్ ప్లేట్ కనిపిస్తోంది, గాల్‌బ్లాడర్‌లోకి డక్ట్, పొట్టి ధమని తప్ప ఇంకేదీ వెళ్లడం లేదు, పెద్ద ధమని ఎడమ పక్కన విడిగా కొట్టుకుంటోంది.

తర్వాత పని సాఫీగా సాగింది. రెండు కొమ్మలకూ గోడ మీదే విడివిడిగా క్లిప్పులు వేసి కత్తెరతో కోశాం. సిస్టిక్ డక్ట్‌ను పట్టకర్రతో గాల్‌బ్లాడర్ వైపు పిండుకుంటూ వచ్చాం, చిన్న రాళ్లు ఏవైనా ఉంటే వెనక్కి పోతాయని. ఏమీ లేవు. ఉంచే వైపు రెండు క్లిప్పులు, తీసే వైపు ఒకటి వేసి కోశాం. క్లిప్ రెండు కొసలూ డక్ట్‌ను దాటి కనిపించాయా లేదా అన్నది ప్రతిసారీ కెమెరా తిప్పి చూస్తాం. గాల్‌బ్లాడర్‌ను సంచిలో వేసి బయటికి తీశాం. చివరిసారి లోపల చూసినప్పుడు వంపు ధమని క్లిప్పులకు దూరంగా కొట్టుకుంటోంది, కాలేయం కుడి భాగం రంగు మారలేదు. మొత్తం గంటా యాభై నిమిషాలు పట్టింది. లోపలి ద్రవం బయటికి రావడానికి పెట్టే గొట్టం, అంటే డ్రెయిన్, పెట్టలేదు.

తేలకపోయి ఉంటే

ఆ రోజు త్రికోణం తెరుచుకుంది. తెరుచుకోని రోజులూ ఉంటాయి. మచ్చ రాయిలా గట్టిగా ఉండి, అరగంట కష్టపడినా ముందుకు సాగకపోతే నేను త్రికోణాన్ని వదిలేస్తాను. అలాంటప్పుడు నేను చేసేది సబ్‌టోటల్ కోలిసిస్టెక్టమీ. హార్ట్‌మన్ పౌచ్‌ను తెరిచి, రాళ్లన్నీ తీసేసి, గాల్‌బ్లాడర్‌ను తీయగలిగినంత తీసి, మెడ దగ్గరి కొంత భాగాన్ని ఉన్నచోటే ఉంచేస్తాం. డ్రెయిన్ పెడతాం. కొన్ని రోజులు పిత్తరసం కారవచ్చు, ఎక్కువసార్లు దానంతటదే ఆగుతుంది, ఆగకపోతే ఎండోస్కోపీతో స్టెంట్ వేయిస్తాం. అది సరిచేయగల ఇబ్బంది. తెగిన ప్రధాన నాళం అలాంటిది కాదు.

అడుగు భాగం నుంచి మెడ వైపు ఒలుచుకుంటూ రావచ్చు కదా అని జూనియర్లు అడుగుతారు. ఓపెన్ ఆపరేషన్ రోజుల్లో అది మంచి పద్ధతే. కానీ త్రికోణం ముడుచుకుపోయిన కేసులో అది మోసం చేస్తుంది. మచ్చ గాల్‌బ్లాడర్‌ను లాక్కొచ్చి ప్రధాన నాళానికీ, కాలేయపు కుడి ధమనికీ అతికించి ఉంటుంది. పై నుంచి ఒలుచుకుంటూ వచ్చేవాడు పొర ఎక్కడ అయిపోయిందో తెలియక, నేరుగా ఆ రెండింటిలోకే దిగిపోతాడు. ధమని, నాళం రెండూ ఒకేసారి పోయే ఘోరమైన గాయాలు ఇలా వచ్చినవే. కోత పెట్టి ఓపెన్ చేయడం కూడా దానంతటదే రక్షణ కాదు. ఓపెన్‌లో చేతి స్పర్శ తోడవుతుంది గానీ, అదే మచ్చ, అదే త్రికోణం. అలాంటి కేసుల్లో చేయి తిరిగిన ఇంకో సర్జన్‌ను ఓటీలోకి పిలవడం నాకు ఎన్నోసార్లు మేలు చేసింది. కొత్త కళ్లు వచ్చి, మనం ఇంతసేపూ నమ్మినదాన్ని మొదటి నుంచి అడుగుతాయి.

తర్వాత

మొదటి 48 గంటలు ఆమె నాడి, పొట్ట, కళ్లు, ఈ మూడింటినే చూశాం. నాళం కారితే మొదటి రోజు నుంచే నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతుంది, నాడి 100 దాటి దిగి రాదు, పొట్ట ఉబ్బుతుంది. నాళానికి క్లిప్ పడి ఉంటే రెండు మూడు రోజుల్లో కళ్లు పచ్చబడతాయి, మూత్రం ముదురు రంగుకు తిరుగుతుంది. గాల్‌బ్లాడర్ తీసిన మనిషి రెండో రోజున ముందటి రోజుకన్నా నలతగా కనిపిస్తే, గ్యాస్ నొప్పి అని పంపేయకుండా అల్ట్రాసౌండ్, లివర్ టెస్టులు చేయించాలి. ఆమె రెండో రోజు ఉదయానికి నడుస్తున్నారు, ఇడ్లీ తిన్నారు. నాడి 78. బిలిరుబిన్ 0.9. ఆ సాయంత్రం ఇంటికి పంపించాం.

పది రోజులకు కుట్లు చూపించుకోవడానికి వచ్చారు. పరీక్షకు పంపిన ముక్కలో దీర్ఘకాలపు వాపు తప్ప మరేమీ లేదని రిపోర్టు వచ్చింది.

"డాక్టరు గారూ, ఆ సంచి లేకపోతే అరుగుదల ఎలాగండీ?" అని అడిగారు.

కాగితం మీద కాలువ, చెరువు గీసి చూపించాను. "చెరువు తీసేశామమ్మా. కాలువ నీళ్లు ఇప్పుడు తిన్నగా పేగులోకే పోతాయి, కాకపోతే ఎప్పుడూ కొద్దికొద్దిగా. కొన్ని వారాలు నూనె తగ్గించి, కొంచెం కొంచెంగా తినండి. విరేచనాలు పలచగా అయితే వచ్చి చెప్పండి."

"మరి ఆ పక్కన ఎర్రగీత ఏంటండీ?"

అది కుడి ధమని. అలవాటులో వంపు తిప్పి గీసేశాను. ఆపరేషన్ నోట్‌లో కూడా అదే బొమ్మ ఉంది, పీజీ తన చేత్తో వేసింది. బొమ్మ కింద రాసింది ఇంతే: "కుడి హెపాటిక్ ధమని వంపు మెడను తాకుతోంది. 4 మి.మీ. కాలేయంలోకి వెళ్లడం చూశాం. సిస్టిక్ ధమని 5 మి.మీ. లోపు, వంపు మీద నుంచి. కొమ్మలకు గోడ మీద క్లిప్పులు. కోయకముందు ఫోటోలు రెండు." ఎప్పుడైనా ఆమె కాలేయానికో, పిత్తనాళానికో ఇంకో ఆపరేషన్ చేయాల్సి వస్తే, చేసే సర్జన్‌కు ఆ ధమని ఎక్కడుందో ముందే తెలియాలి. ఆ కాగితం ఒక కాపీ ఆమె ఫైల్లో పెట్టి, దాన్ని పారేయవద్దని వాళ్లబ్బాయికి విడిగా చెప్పాను.